ఆ చుక్క ఎవరిది?

కవితా సంపుటి ప్రూఫులు చూసేవాళ్ళకు అక్షరదోషాలతో పెద్ద పేచీ ఉండదు. 'వెన్నెల' ఉండాల్సిన చోట 'వెన్నల' పడితే కంటికి తగులుతుంది, దిద్దేస్తాం, కవిని అడగాల్సిన పని కూడా లేదు. పేచీ అంతా చుక్కలతో, కామాలతో, డాష్‌లతో, మాటల మధ్య ఖాళీలతో. పాదం మధ్యలో ఒక ఫుల్‌స్టాప్ కనిపిస్తుంది. ప్రశ్న అడుగుతున్న వాక్యం చివర ప్రశ్నార్థకం ఉండదు. కొటేషన్ తెరుచుకుంటుంది, కవిత అయిపోయినా మూసుకోదు. కథల పుస్తకంలో ఇవన్నీ తప్పులే, చర్చ లేదు. కవిత్వంలో మాత్రం ఇవే కవి చేతిలో పనిముట్లు కూడా అవుతాయి. కాబట్టి ప్రతి చుక్క దగ్గరా ఆగి, ఇది కవి పెట్టిందా, దారిలో ఎక్కడో పడిందా అని తేల్చుకోవాలి.

ఈ తేల్చుకోవడాన్ని మనవాళ్ళు రెండు రకాలుగా తప్పించుకుంటున్నారు. వ్యాకరణం చేతబట్టుకున్న ప్రూఫ్ రీడర్ అన్నిటినీ తిన్నగా చేసేస్తాడు. కవిత్వం మీద భక్తి ఉన్న సమీక్షకుడు అన్నిటికీ అర్థం చెప్పేస్తాడు. ఇద్దరూ ఒకే పని ఎగ్గొడుతున్నారని నా అభిప్రాయం. ఆ చుక్క అక్కడికి ఎలా వచ్చిందో ఇద్దరూ వెతకరు. అర్థం గురించి మాట్లాడే ముందు దాని రాకకు కారణం వెతకాలి. కవి నోట్‌బుక్ నుంచి అచ్చుపేజీ దాకా కవిత చాలా చేతులు మారుతుంది. ఒక్కో చెయ్యి, ఒక్కో యంత్రం తనదైన గుర్తు వదిలి వెళుతుంది. ఆ గుర్తులు చదవడం నేర్చుకోవచ్చు.

దీనికి ప్రపంచ కవిత్వంలో బాగా నమోదైన కేసు ఎమిలీ డికిన్సన్‌ది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్హెర్స్ట్ ఊళ్ళో 1830లో పుట్టి, 1886లో అక్కడే చనిపోయింది. దాదాపు 1,800 కవితలు రాసింది. బతికుండగా అచ్చయినవి పదీ పన్నెండుకు మించవు, అవి కూడా పేరు లేకుండా వచ్చాయి. మిగతావాటిలో దాదాపు సగం ఆమె స్వయంగా కాగితాలు మడిచి దారంతో కుట్టుకున్న చిన్న పుస్తకాల్లో దొరికాయి. ఆ చేతిరాతలో కామాలూ ఫుల్‌స్టాప్‌లూ అరుదు. వాటి బదులు ఎక్కడ చూసినా చిన్న చిన్న గీతలు. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగు, కొన్ని పైకి వాలినవి, కొన్ని కిందికి వాలినవి.

1890లో మేబెల్ లూమిస్ టాడ్, థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్సన్ కలిసి తొలి సంపుటి తెచ్చినప్పుడు ఆ గీతల్ని చాలావరకు తీసేసి మామూలు కామాలూ సెమికోలన్‌లూ పెట్టారు. కవితలకు ఆమె పెట్టని శీర్షికలు పెట్టారు. పాఠకులు బెదిరిపోకూడదన్నది వాళ్ళ ఉద్దేశం. ఆ గీతలతో సహా మొత్తం కవితల్ని ఒకచోట చూడడానికి 1955లో థామస్ జాన్సన్ తెచ్చిన మూడు సంపుటాల దాకా ఆగాల్సి వచ్చింది. అంటే అరవై ఏళ్ళకు పైగా పాఠకులు చదివినది ప్రూఫ్ రీడర్ల డికిన్సన్‌ని.

ఆ గీతలు కావాలని పెట్టినవేనా? అంత వాలుగా, అంత అడ్డదిడ్డంగా ఉన్నవి కేవలం తొందరలో పడిన కలం గీతలు కావా? ఇక్కడే ఒక విలువైన సాక్ష్యం ఉంది. 1866 ఫిబ్రవరి 14న 'స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్' పత్రిక ఆమె కవిత ఒకటి 'పాము' అన్న శీర్షికతో అచ్చువేసింది. గడ్డిలో సన్నగా పాకిపోయే ఒక 'సన్నటి మనిషి' గురించిన కవిత అది. పత్రికవాళ్ళు మూడో పాదం చివర ఒక విరామచిహ్నం చేర్చారు. దానికి ఆమె హిగ్గిన్సన్‌కు ఉత్తరం రాసింది. ఈ కవిత తన దగ్గర్నుంచి దోచుకున్నారనీ, విరామచిహ్నం వల్ల మూడో పాదం ఓడిపోయిందనీ, మూడూ నాలుగూ కలిసి ఒకటేననీ అందులో ఉంది.

ఆమె బాధ ఏమిటో ఆ పాదాలు చూస్తే తెలుస్తుంది. మూడో పాదంలో 'మీరు అతన్ని కలిసే ఉంటారు' అని ఒక గీత, ఆ తర్వాత 'డిడ్ యు నాట్' అనే మూడు మాటలు. నాలుగో పాదం 'అతను కనిపించడం హఠాత్తుగానే' అనే అర్థంలో ఉంటుంది. మూడో పాదం చివర చిహ్నం పెట్టి ఆపితే ఆ మూడు మాటలు 'కలిశారు కదూ' అనే పలకరింపుగా మిగిలిపోతాయి. ఆపకుండా నాలుగో పాదంలోకి వెళితే 'కలవలేదూ అంటే, అతను హఠాత్తుగానే ఎదురవుతాడు' అనే హెచ్చరిక అవుతుంది. నిజానికి కంటికి మొదట పలకరింపు అర్థమే తడుతుంది, పాదం దాటగానే కాళ్ళ కింద హెచ్చరికగా మారుతుంది. పాము ఎదురయ్యే తీరే అది. ఆ చిహ్నం లేకపోవడమే కవిత చేస్తున్న పని. పత్రికలో ఎవరో 'మరిచిపోయింది కాబోలు' అనుకుని దాన్ని పూరించారు.

ఇక్కడిదాకా చెప్పి చాలామంది ఆపేస్తారు. చూశారా, కవి పెట్టిన ప్రతి గీతకూ అర్థం ఉంది అని తీర్పు ఇచ్చేస్తారు. నేను ఒప్పుకోను. ఆ ఉత్తరం రుజువు చేసింది ఒక్క కవితలో ఒక్క పాదం చివరి విషయాన్ని. మిగతా వేల గీతల గురించి అది ఏమీ చెప్పదు. పైగా అవే గీతలు ఆమె ఉత్తరాల్లోనూ ఉన్నాయి. ఆమె చేత్తో రాసిపెట్టుకున్న కేకు వంటకంలో పిండి ఇంత, పంచదార ఇంత అన్న చోటా ఉన్నాయి. పిండికీ పంచదారకూ మధ్య గీతలో ఎవరూ కవిత్వం వెతకరు. ఆ గీతలు వాలు, ఎత్తు మారినప్పుడల్లా గొంతు హెచ్చుతగ్గుల్ని సూచిస్తాయని 1971లో ఈడిత్ వైల్డర్ అనే విమర్శకురాలు ఒక పుస్తకమే రాసింది. ఆ వాదన నన్ను ఒప్పించలేదు, కారణం ఆ వంటకమే.

ఇంకో ఉదాహరణ ఇంతకంటే స్పష్టంగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో 'దాని' అని చెప్పడానికి వాడే 'ఇట్స్' మాటలో అపాస్ట్రఫీ ఉండకూడదని బడిలో నేర్పుతారు. డికిన్సన్ దాదాపు ఎప్పుడూ పెట్టే రాసింది. 1998లో ఆర్. డబ్ల్యూ. ఫ్రాంక్లిన్ తెచ్చిన ప్రామాణిక ప్రతి దాన్ని అలాగే ఉంచింది. అది అచ్చుతప్పు కాదు, ఎందుకంటే ఆమె చేతిరాతలోనే ఉంది, పైగా మళ్ళీ మళ్ళీ ఉంది. అయితే అందులో ఉద్దేశమూ లేదు. అది అలవాటు.

కాబట్టి మన ముందున్నవి రెండు గదులు కావు, మూడు. అచ్చుతప్పు, ఉద్దేశం, అలవాటు. అలవాటు అనే మూడో గదిని మరిచిపోవడం వల్లే వాదనలన్నీ చెడుతున్నాయి. ఒక వింత చిహ్నం పుస్తకమంతా తిరిగి తిరిగి వస్తే అది అచ్చుతప్పు కాదని తేలుతుంది, అంతే. ఉద్దేశమని తేలదు. ఉద్దేశానికి వేరే గుర్తు కావాలి. కవి దాన్ని ఒకచోట పెట్టి, అలాంటిదే మరోచోట పెట్టకుండా ఆపుకున్నాడా? పెట్టగలిగీ పెట్టని చోట్లు కనిపిస్తే అక్కడ ఎంపిక జరిగిందని నమ్మవచ్చు. పాము కవితలో డికిన్సన్ రెండో పాదం చివరా నాలుగో పాదం చివరా గీత పెట్టి, మూడో పాదం చివర మాత్రం ఆపుకుంది. నన్ను ఒప్పించేది అదే. ఉత్తరం దొరక్కపోయినా ఆ పాదం ముందు నేను తప్పకుండా ఆగేదాన్ని.

మన దగ్గర అలవాటు గదిలో నిండా ఉన్నవి రెండు చుక్కలు. వచన కవితల్లో పాదం చివర '..' పెట్టేవాళ్ళు ఎంతమందో లెక్క లేదు. ఆ కవులు వాట్సాప్‌లో పంపే మెసేజ్ చూడండి, 'సరే అక్కా.. రేపు పంపుతా..' అనే ఉంటుంది. డికిన్సన్ కేకు వంటకం లాంటి సాక్ష్యమే ఇది. అలాంటి కవి సంపుటిలో రెండు చుక్కల్ని నేను తీసెయ్యను, ఎందుకంటే అది ఆయన చేతివాటం. కానీ ముందుమాటలో ఎవరైనా 'అసంపూర్ణతకు ప్రతీక' అని రాస్తే మాత్రం పెన్సిల్‌తో గీత గీస్తాను.

అదే సంపుటిలో కొన్ని కవితల్లో రెండు చుక్కలు, కొన్నింటిలో మూడు ఉంటే అప్పుడు కొంచెం తవ్వాలి. కర్సర్ మూడు చుక్కల పక్కన పెట్టి ఒక్కసారి బ్యాక్‌స్పేస్ నొక్కితే మూడూ ఒకేసారి మాయమయ్యాయనుకోండి, అవి మూడు చుక్కలు కావు, ఒకే అక్షరం. వర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్ మూడు చుక్కలు వరసగా కొడితే తనంతట తానే వాటిని ఆ ఒక్క అక్షరంగా మార్చేస్తుంది. అంటే ఆ కవితలు ఏదో దశలో మరో కంప్యూటర్ మీదుగా, చాలాసార్లు ఏదో పత్రిక ఆఫీసు మీదుగా వచ్చాయన్నమాట. రెండో చుక్క తర్వాత మూడోది చేర్చింది కవా, పత్రికలో టైప్ చేసినవాళ్ళా అని అప్పుడు అడగాలి. అడగడానికి ఒక ఆధారం దొరికింది.

ఇప్పుడు నేను పనిచేసిన ఒక సంపుటి సంగతి వివరంగా చెబుతాను. కవి పాలమూరు వైపు కుర్రాడు, మొదటి పుస్తకం. నా దగ్గరికి వచ్చేసరికి పేజీలు కట్టేశారు, ముందుమాట కూడా వచ్చేసింది. ఒక కవిత ఇలా మొదలవుతుంది:

వాన ఆగింది
నాయిన. లేచిండు
గొంగడి. దులిపి
గట్టు మీద నిలబడ్డడు

ముందుమాట రాసిన పెద్దాయన 'నాయిన' పక్కన చుక్క మీద ఒక పేరా రాశారు. తండ్రి అనే మాట దగ్గర వాక్యం ఆగిపోవడంలో ఒక తరం సేద్యం ఆగిపోవడం కనిపిస్తోందని ఆయన అన్నారు. చదువుతుంటే బాగానే ఉంది. అయితే ఆ కింది పాదంలోనే 'గొంగడి' పక్కనా చుక్క ఉంది. దాని గురించి ఆయన ఏమీ అనలేదు. నాకు అనుమానం అక్కడ మొదలైంది. ఒకే కవితలో ఒకే తీరుగా ఉన్న రెండు గుర్తుల్లో ఒకదానికి అర్థం చెప్పి, రెండోదాన్ని వదిలేస్తే ఆ అర్థం నిలబడదు.

సంపుటి ఫైలంతా అలాంటి చుక్కల కోసం వెతికాను. చుక్క, దాని వెంట ఒక ఖాళీ, ఆ తర్వాత మాట. ఇలాంటివి పదిహేడు దొరికాయి. వాటిని వరసగా రాసుకుని చూస్తే మూడు సంగతులు కనిపించాయి. అన్నీ పాదం మధ్యలోనే ఉన్నాయి, ఒక్కటి కూడా పాదం చివర లేదు. చుక్క ఎప్పుడూ ముందు మాటకు అంటుకుని ఉంది, తర్వాత సరిగ్గా ఒక్క ఖాళీ. అన్నిటికంటే ముఖ్యం, కవిత చివరి పాదం తర్వాత కూడా ఈ కవి ఫుల్‌స్టాప్ పెట్టడు. పుస్తకం మొత్తంలో ఫుల్‌స్టాప్ అవసరమే లేని మనిషికి పాదం మధ్యలో మాత్రం ఎందుకు కావాల్సి వచ్చింది?

ఫోన్‌లో టైప్ చేసే వాళ్ళకు జవాబు తెలిసే ఉంటుంది. చాలా ఫోన్ కీబోర్డుల్లో స్పేస్ వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే ఒక చుక్క, ఒక ఖాళీ పడతాయి. వాక్యాలు గబగబా రాసేవాళ్ళ సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటు అది. ఆ పదిహేడు చుక్కల ఆకారం అచ్చంగా ఆ ఏర్పాటు వదిలే గుర్తు. పాదం చివర ఎందుకు లేవో కూడా దీంతోనే తేలింది. పాదం చివర ఎంటర్ నొక్కుతాం, స్పేస్ కాదు.

ఇక్కడితో ఆపేసి పదిహేడూ అచ్చుతప్పులేనని తీసెయ్యవచ్చు. కానీ కుర్రాడు స్పేస్ రెండుసార్లు ఎందుకు నొక్కాడు? పొరపాటున ఒకటి రెండు చోట్ల జరుగుతుంది, పదిహేడు చోట్ల జరగదు. ఫోన్ చేసి అడిగాను. "అక్కా, గవి చుక్కలు కావు, ఖాళీలు. చదివేటప్పుడు నేను ఆడ జర ఆగుత. నోట్‌బుక్కుల గట్లనే రాసిన" అన్నాడు. నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పంపమన్నాను. నిజమే. 'నాయిన' కూ 'లేచిండు' కూ మధ్య వేలెడంత జాగా వదిలాడు. మామూలు మాటల మధ్య అంత లేదు.

అంటే చుక్క తప్పు, కానీ దాని అడుగున ఉన్నది ఉద్దేశం. కవి ఒక ఖాళీ పెట్టాడు, ఫోన్ దాన్ని చుక్కగా మార్చింది. చుక్క తీసేసి మామూలు ఖాళీ పెడితే తప్పుతోపాటు ఉద్దేశాన్నీ తుడిచేసినట్టే. సంపుటిలో సగం కవితలు కవి ఫోన్‌లో టైప్ చేసినవి, మిగతా సగం డీటీపీ ఆపరేటర్ నోట్‌బుక్ చూసి కొట్టినవి. ఆపరేటర్ కొట్టిన కవితలు చూడ్డానికి చాలా శుభ్రంగా ఉన్నాయి, ఒక్క చుక్క లేదు. నోట్‌బుక్ ఫొటోలతో పోల్చి చూస్తే ఆ కవితల్లోనూ అలాంటి ఖాళీలు చాలానే ఉన్నాయి. ఆపరేటర్ కంటికి మాటల మధ్య జాగా అక్షరం కాదు కాబట్టి అన్నిచోట్లా ఒక్క స్పేస్ కొట్టుకుంటూ వెళ్ళాడు. ఫోన్ తప్పు చేసి కనీసం ఒక ఆనవాలు మిగిల్చింది. ఆపరేటర్ తప్పేమీ చెయ్యలేదు, ఆనవాలూ మిగల్లేదు. ఈ పుస్తకంలో అనుమానం రాని పేజీల్లోనే ఎక్కువ నష్టం జరిగింది. తప్పుల కోసం మాత్రమే వెతికే ప్రూఫ్ రీడింగ్‌కు ఇది ఎప్పటికీ దొరకదు.

ఖాళీని తిరిగి పెట్టడం కూడా తేలిక కాదు. రెండు స్పేస్‌లు కొడితే పేజీలు కట్టేటప్పుడు పోతాయి. పేజీ కట్టే ముందు ఫైలును శుభ్రం చేస్తూ రెండు స్పేస్‌లున్న ప్రతిచోటా ఒకటిగా మార్చడం డీటీపీలో మామూలు పని. అదే కవిత రేపు ఇంటర్‌నెట్‌లో పెడితే వెబ్ పేజీ కూడా వరస ఖాళీల్ని ఒక్కటిగానే చూపిస్తుంది. అందుకని ఆ చోట్లలో 'ఎం స్పేస్' అనే ఒక్క వెడల్పాటి ఖాళీ అక్షరాన్ని పెట్టించాం. అది ఒకే అక్షరం కాబట్టి శుభ్రం చేసే పనిలో చెదరదు. కవితల్ని రెండువైపులా సమంగా పరచకుండా ఎడమవైపుకే ఆనించాం. రెండువైపులా పరిస్తే మాటల మధ్య జాగాలన్నీ సాగి, ఏది కవి వదిలిందో ఏది పేజీ సాగదీసిందో తెలియకుండా పోతుంది.

ఇంకో మలుపు ఉంది. దిద్దిన పేజీలు పంపినప్పుడు కుర్రాడు ఒక చుక్క దగ్గర ఆగాడు. వేరే కవితలో 'ఊరు. ఉన్నది' అనే పాదం. "అక్కా, గీ ఒక్కటి ఉంచు. చుక్కతోనే మంచిగున్నది" అన్నాడు. ముందు ఫోన్ పెట్టిన చుక్కే అది, నోట్‌బుక్‌లో ఖాళీయే ఉంది. ఉంచాం. నా దృష్టిలో అది ఇప్పుడు కవి చుక్కే. యంత్రం పెట్టిన గుర్తును కవి చూసి, ఖాళీతో పోల్చి, కావాలనుకున్నాడు. మిగతా పదహారు చోట్ల వద్దనుకున్నాడు. ఇందాక ఉద్దేశానికి గుర్తు అని చెప్పిన ఎంపిక అంటే ఇదే. మొదట ఎవరు పెట్టారన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, చివరికి ఎవరు ఒప్పుకున్నారన్నదీ అంత ముఖ్యం. డికిన్సన్ విషయంలో ఈ రెండో ప్రశ్న అడగడానికి మనిషి లేదు. మన కవులు ఫోన్ తీస్తారు, అయినా అడగం.

ముందుమాట సంగతి కొంచెం ఇబ్బందిగానే నడిచింది. పెద్దాయనకు నోట్‌బుక్ ఫొటో చూపించాక ఆ పేరాను ఆయనే మార్చి రాశారు. ఖాళీ గురించి రాసిన కొత్త పేరా ముందుదానికంటే బాగుంది. కొడుకు తండ్రిని పిలిచి, ఆ తర్వాత మాట కోసం ఆగుతున్నట్టు ఆయనకు వినిపించింది. పాదాన్ని కవి చదివే తీరుకు అది దగ్గరగా ఉంది.

తెలుగుకే ప్రత్యేకమైన ఒక చిక్కు కూడా చెప్పాలి. 'దుఃఖం'లో విసర్గను కీబోర్డు మీద వెతకడం కష్టమై చాలామంది దాని బదులు కోలన్ కొడతారు, 'దు:ఖం' అని. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది, 'పేరుః' అని కోలన్ ఉండాల్సిన చోట విసర్గ పెట్టడం. చాలా ఫాంట్లలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కన్ను పట్టుకోదు. ఫైలులో 'దుఃఖం' అని సరిగా టైప్ చేసి వెతికితే దొరకని చోట్ల కోలన్ ఉన్నట్టు. మాట మధ్యలో అక్షరాలకు అంటుకుని ఉన్న కోలన్ ఎప్పుడూ విసర్గే, దిద్దెయ్యండి. కానీ ఒక కవి నిజంగానే మాటను మధ్యలో విరిచి కోలన్ పెడితే? అలాంటి కవి 'దుఃఖం' దగ్గర ఒక్కచోటే ఆ పని చెయ్యడు. విసర్గ లేని మాటల్లోనూ చేస్తాడు. అవి కనబడితేనే ఆలోచించాలి.

పద్యాల సంపుటాలకు ఈ బాధ లేదని కొందరంటారు. ఛందస్సు ఉంది కదా, తప్పు పడితే గణం తప్పుతుంది, యతి తప్పుతుంది, దానంతట అదే బయటపడుతుంది అని. అక్షరాల విషయంలో అది నిజం. విరామచిహ్నానికి మాత్రం లఘువూ లేదు, గురువూ లేదు. కందంలో కామా ఎక్కడ పెట్టినా గణాలు చెడవు. తాటాకుల మీద పద్యానికి మనం ఇప్పుడు వాడే కామాలూ ప్రశ్నార్థకాలూ లేవు, అవి అచ్చుతోపాటు వచ్చాయి. కాబట్టి పాత కావ్యం అచ్చుప్రతిలో మీరు చూసే ప్రతి ప్రశ్నార్థకమూ, ప్రతి ఆశ్చర్యార్థకమూ పరిష్కర్త పెట్టిందే. దాని మీద కవి ఉద్దేశం అంటూ వ్యాసం రాయడం కుదరదు. పరిష్కర్త ఆ పద్యాన్ని ఎలా చదివాడో చెప్పడానికి మాత్రం అది చక్కటి ఆధారం.

నోట్‌బుక్కూ ఫైలూ చేతిలో లేని పాఠకుడు ఏం చెయ్యాలి? పుస్తకం ఒక్కటే ఉన్నా కొంత తేల్చుకోవచ్చు. ముందు పుస్తకం మొత్తం చదివి దాని సొంత నియమం ఏమిటో పట్టుకోవాలి. అమెరికన్ కవి డబ్ల్యూ. ఎస్. మెర్విన్ 1960లలో విరామచిహ్నాలు వాడడమే మానేశాడు. ఆ తర్వాతి కవితల్లో మీకు ఎక్కడైనా కామా కనిపిస్తే, వింతగా ఉన్నది మిగతా పుస్తకం కాదు, ఆ కామా. అదే కామా మామూలు పుస్తకంలో ఎవరి కంటా పడదు. తప్పా కాదా అన్నది బడి వ్యాకరణం తేల్చదు, ఆ పుస్తకం తేలుస్తుంది.

తర్వాత, వింత ఎక్కడ పడిందో చూడాలి. పేజీ అడుగున, పాదం పొడుగై రెండో వరసలోకి మడత పడిన చోట, కవిత పేజీ మారిన చోట ఉన్న వింతల్ని నేను తేలిగ్గా నమ్మను. అవి పేజీ కట్టేవాళ్ళ చేతి కింద పుట్టే చోట్లు. మూసుకోని కొటేషన్ పేజీ మారే చోట ఉంటే పడిపోయిందనుకుంటాను. కవిత నడిబొడ్డున ఉండి, ఆ తర్వాత మాటలు ఎవరివో తెలియకుండా కలిసిపోతుంటే ఆగి చదువుతాను. వీలైతే ఆ కవిత ముందు ఏ పత్రికలో వచ్చిందో వెతికి పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండు చోట్లా ఒకే వింత ఉంటే, ఆ రెండింటినీ వేర్వేరుగా టైప్ చేసి ఉంటే, అది కవి నుంచి వచ్చే అవకాశం చాలా పెరుగుతుంది. పత్రిక ఫైలునే పుస్తకంలోకి ఎత్తిపోసి ఉంటే మాత్రం ఆ పోలికకు విలువ లేదు, ఒకే తప్పును రెండుసార్లు చూస్తున్నట్టు.

ఇవన్నీ చేశాక కూడా కొన్ని తేలవు. సమీక్ష రాసేవాళ్ళు అలాంటి గుర్తు మీద వాదన కట్టకపోతే చాలు. ప్రూఫ్ చూసేవాళ్ళు దాన్ని ముట్టుకోకుండా మార్జిన్‌లో ప్రశ్న రాసి కవికి పంపితే చాలు.

ప్రచురించేవాళ్ళకు ఒక్క మాట. కవి కావాలని ఉంచిన వింతలన్నిటితో ఒక జాబితా రాసి ఫైలుతోపాటు దాచండి. పేజీ, పాదం, అక్కడ ఏముంది, ఎవరు ఒప్పుకున్నారు, ఇంతే. పాలమూరు కుర్రాడి పుస్తకానికి మేం రాసిన జాబితా ఒకటిన్నర పేజీ వచ్చింది. రెండో ముద్రణకు కొత్త ఆపరేటర్ మొదటి ముద్రణ చూసి మళ్ళీ టైప్ చేస్తాడు, కొత్త ప్రూఫ్ రీడర్ వస్తాడు. 'ఊరు. ఉన్నది' అనే పాదంలో చుక్క ఆయనకు తప్పుగానే కనబడుతుంది. ఆ కాగితం లేకపోతే ఆయన దాన్ని తీసేస్తాడు, ఆయన్ని తప్పు పట్టడానికి మన దగ్గర ఏమీ ఉండదు.